ఒక్క ఫండ్‌తో మూడు ఫండ్ల పని.. మల్టీ అసెట్‌, ఫండ్ ఆఫ్ ఫండ్స్‌లో పన్ను లెక్క ఎక్కడ మారుతుంది?

ఫోన్‌లో ఇన్వెస్ట్‌మెంట్ యాప్ తెరిస్తే చాలామందికి కనిపించేది చాంతాడంత జాబితా. ఒక ఇండెక్స్ ఫండ్, ఒక డెట్ ఫండ్, బంగారం ధర పెరుగుతోందని ఈమధ్యే మొదలుపెట్టిన ఒక గోల్డ్ ఫండ్. ఇవి కాక ఎవరో చెప్తే తీసుకున్నవి ఇంకో నాలుగు. ఇన్ని ఉన్నా, మొత్తం డబ్బులో షేర్లలో ఎంత ఉంది, బంగారంలో ఎంత ఉంది అని అడిగితే ఠక్కున చెప్పలేరు.

దీనికి పరిష్కారంగా కంపెనీలు రెండు రకాల ఫండ్లను చూపిస్తున్నాయి. ఒకటి మల్టీ అసెట్ అలొకేషన్ ఫండ్. రెండోది ఫండ్ ఆఫ్ ఫండ్స్. రెండింటికీ ప్రచారం ఒక్కటే.. ఒక్క ఫండ్ కొంటే షేర్లు, బాండ్లు, బంగారం అన్నీ వచ్చేస్తాయని. మాట నిజమే. కానీ పేర్లు దగ్గరగా ఉన్నా, డబ్బు వెనక్కి తీసుకునే రోజున కట్టాల్సిన పన్ను మాత్రం వేర్వేరుగా ఉంటుంది. రూ.10 లక్షల పెట్టుబడి మీద ఆ తేడా వేలల్లోనే ఉండొచ్చు. ఎలాగో లెక్కతో సహా చూద్దాం.

అసలు ఈ రెండింటికీ తేడా ఏంటి?

మల్టీ అసెట్ అలొకేషన్ ఫండ్ అనే పేరు పెట్టుకోవాలంటే సెబీ నిబంధన ఒకటుంది. కనీసం మూడు రకాల ఆస్తుల్లో పెట్టుబడి పెట్టాలి. ఆ మూడింటిలో ఒక్కోదాంట్లో కనీసం 10 శాతం ఉండాలి. 2017 అక్టోబరులో మ్యూచువల్ ఫండ్లను వర్గాలుగా విడదీసినప్పుడు సెబీ ఈ నియమం పెట్టింది. విదేశీ షేర్లు కొన్నంత మాత్రాన దాన్ని వేరే ఆస్తిగా లెక్కించరు. అందుకే దాదాపు అన్ని ఫండ్లూ షేర్లు, డెట్, బంగారం లేదా వెండి అనే మూడింటినే తీసుకుంటాయి.

ఇక్కడ ఫండ్ మేనేజర్ నేరుగా షేర్లు కొంటాడు, నేరుగా బాండ్లు కొంటాడు. బంగారం కోసం ఎక్కువగా గోల్డ్ ఈటీఎఫ్‌లు వాడుతాడు.

ఫండ్ ఆఫ్ ఫండ్స్ అలా కాదు. అది షేర్లు కొనదు, బాండ్లు కొనదు. వేరే మ్యూచువల్ ఫండ్ల యూనిట్లనే కొంటుంది. తన దగ్గరున్న డబ్బులో కనీసం 95 శాతం అలా వేరే ఫండ్లలోనే పెట్టాలన్నది నిబంధన. ఆ ఫండ్లు కూడా ఎక్కువగా సొంత కంపెనీవే అయి ఉంటాయి. చాలామంది గమనించని విషయం ఏంటంటే, యాప్‌లో గోల్డ్ ఫండ్ పేరుతో సిప్ కట్టేవారి దగ్గర ఉన్నది కూడా ఫండ్ ఆఫ్ ఫండ్సే. ఆ డబ్బుతో ఫండ్ కొనేది బంగారం కాదు, గోల్డ్ ఈటీఎఫ్ యూనిట్లు. డీమ్యాట్ ఖాతా లేనివాళ్లకు కూడా ఈటీఎఫ్ అందేలా చేయడమే దాని పని.

అంటే మల్టీ అసెట్ ఫండ్ సొంతంగా వండి పెడుతుంది. ఫండ్ ఆఫ్ ఫండ్స్ వేరేవాళ్లు వండినవి తెచ్చి ఒక ప్లేటులో సర్ది ఇస్తుంది. ప్లేటు చూడ్డానికి ఒకేలా ఉంటుంది. బిల్లు దగ్గరే తేడా.

మూడు ఫండ్లు ఉంటే ఇబ్బంది ఏంటి?

విజయవాడలో ఉండే ఒక ఉద్యోగి దగ్గర రూ.10 లక్షలు ఉన్నాయనుకుందాం. 2023 మే నెలలో రూ.5 లక్షలు నిఫ్టీ ఇండెక్స్ ఫండ్‌లో, రూ.3 లక్షలు డెట్ ఫండ్‌లో, రూ.2 లక్షలు గోల్డ్ ఫండ్‌లో పెట్టారు. అంటే సగం షేర్లు, 30 శాతం డెట్, 20 శాతం బంగారం. ఇది ఆయన తన అవసరాలు చూసుకుని వేసుకున్న లెక్క.

మూడేళ్ల తర్వాత ఇండెక్స్ ఫండ్ రూ.7.5 లక్షలు అయింది. డెట్ ఫండ్ రూ.3.5 లక్షలు. బంగారం రెట్టింపై రూ.4 లక్షలు. మొత్తం రూ.15 లక్షలు. ఇవి లెక్క సులువుగా ఉండటానికి తీసుకున్న అంకెలు మాత్రమే.

బయటికి అంతా లాభమే. కానీ లోపల నిష్పత్తి మారిపోయింది. షేర్లు యాదృచ్ఛికంగా 50 శాతం దగ్గరే ఉన్నాయి. బంగారం మాత్రం 20 నుంచి దాదాపు 27 శాతానికి పెరిగింది. డెట్ 30 నుంచి 23 శాతానికి తగ్గింది. ఆయన పెట్టుకున్న భద్రత తగ్గి, ధర ఎక్కువ ఊగే బంగారం పెరిగిందన్నమాట.

తిరిగి పాత నిష్పత్తికి రావాలంటే బంగారంలో రూ.3 లక్షలు, డెట్‌లో రూ.4.5 లక్షలు ఉండాలి. అంటే రూ.లక్ష విలువైన గోల్డ్ ఫండ్ యూనిట్లు అమ్మి డెట్ ఫండ్‌లో వేయాలి. దీన్నే రీబ్యాలెన్సింగ్ అంటారు.

ఆ రూ.లక్షలో సగం అసలు, సగం లాభం. రెండేళ్లు దాటింది కాబట్టి రూ.50 వేల లాభం మీద 12.5 శాతం పన్ను, దానిపై 4 శాతం సెస్సు. మొత్తం రూ.6,500. డబ్బు ఆయన చేతికి రాలేదు, ఒక్క రూపాయి ఖర్చు పెట్టుకోలేదు. ఒక జేబులోంచి ఇంకో జేబులోకి మార్చుకున్నందుకే ఈ పన్ను.

అదే పని మల్టీ అసెట్ ఫండ్ లోపల జరిగితే? ఫండ్ మేనేజర్ గోల్డ్ ఈటీఎఫ్ అమ్మి బాండ్లు కొంటాడు. మ్యూచువల్ ఫండ్ ఆదాయానికి ఫండ్ స్థాయిలో ఆదాయపు పన్ను మినహాయింపు ఉంది. యూనిట్లు ఇంకా అమ్మలేదు కాబట్టి మదుపరికీ ఆ రోజు పన్ను లేదు. ఫండ్ ఆఫ్ ఫండ్స్‌కూ ఇదే వర్తిస్తుంది. ఒక్క ఫండ్ నిజంగా ఇచ్చే మొదటి లాభం ఇదే. అయితే పన్ను మాఫీ కాలేదు, వాయిదా పడింది అంతే. చివర్లో యూనిట్లు అమ్మినప్పుడు మొత్తం లాభం మీద కట్టాల్సిందే.

రెండో లాభం పన్నుకు సంబంధించింది కాదు, మనిషి స్వభావానికి సంబంధించింది. బంగారం రెట్టింపైన ఏడాది దాన్ని అమ్మడానికి ఎవరికీ చేతులు రావు. 2020 మార్చి 23న నిఫ్టీ 7,610 దగ్గరికి పడిపోయింది. రెండు నెలల ముందు అదే సూచీ 12 వేల పైన ఉంది. ఆ రోజు డెట్ అమ్మి షేర్లు కొనడమే లెక్క ప్రకారం చేయాల్సిన పని. మన ఉద్యోగి లాంటివాళ్లలో ఎంతమంది ఆ పని చేయగలరు? సొంతంగా చేయలేనివాళ్లకు ఒక్క ఫండ్ ఇచ్చేది ఆ క్రమశిక్షణ.

పన్ను దగ్గర గీత ఎక్కడుంది?

ఇక్కడే అసలు తిరకాసు. మల్టీ అసెట్ అనే పేరు చూసి పన్ను తేల్చలేం. ఫండ్ లోపల ఏముందో చూసి ప్రభుత్వం మూడు గంపల్లో ఒకదాంట్లో వేస్తుంది.

మొదటి గంప. దేశీయ కంపెనీల షేర్లు ఏడాది సగటున 65 శాతం లేదా అంతకంటే ఎక్కువ ఉండే ఫండ్లు. వీటిని ఈక్విటీ ఫండ్లుగా చూస్తారు. ఏడాది దాటాక అమ్మితే, ఒక ఆర్థిక సంవత్సరంలో రూ.1.25 లక్షల వరకు లాభంపై పన్ను లేదు. ఆపైన 12.5 శాతం. ఏడాదిలోపు అమ్మితే 20 శాతం.

రెండో గంప. డెట్, మనీ మార్కెట్ సాధనాలు 65 శాతం కంటే ఎక్కువ ఉండే ఫండ్లు. 2023 ఏప్రిల్ 1 తర్వాత కొన్నవైతే ఎన్నేళ్లు ఉంచుకున్నా లాభాన్ని జీతంతో కలిపి శ్లాబు ప్రకారం పన్ను వేస్తారు.

మూడో గంప. ఈ రెండింటికీ చెందని మిగతావన్నీ. గోల్డ్ ఫండ్లు, షేర్లు 65 శాతానికి తక్కువగా ఉండే మల్టీ అసెట్ ఫండ్లు ఇందులోకి వస్తాయి. రెండేళ్లు దాటితే 12.5 శాతం. అంతకంటే ముందు అమ్మితే శ్లాబు ప్రకారం. వీటికి రూ.1.25 లక్షల మినహాయింపు మాత్రం లేదు.

మరి ఫండ్ ఆఫ్ ఫండ్స్ ఎక్కడికొస్తుంది? దానికి ఈక్విటీ హోదా రావాలంటే షరతు చాలా గట్టిది. తన డబ్బులో 90 శాతం ఒక ఫండ్‌లో పెట్టాలి, ఆ ఫండ్ మళ్లీ 90 శాతం దేశీయ లిస్టెడ్ షేర్లలో పెట్టాలి. ఈ దారి కూడా ఈటీఎఫ్‌ల్లో పెట్టేవాటికే ఉంది. షేర్లు, డెట్, బంగారం కలిపి పట్టుకునే ఫండ్ ఆఫ్ ఫండ్స్ ఈ షరతును ఎప్పటికీ దాటలేదు. లోపల ఈక్విటీ ఫండ్లు 70 శాతం ఉన్నా సరే, అది మూడో గంపలోనే ఉంటుంది. డెట్ ఫండ్ల యూనిట్లే 65 శాతం లేదా ఆపైన ఉంటే రెండో గంపలోకి జారుతుంది.

అదే రూ.15 లక్షలు.. మూడు రకాల పన్ను

మన విజయవాడ ఉద్యోగి ఆదాయం 30 శాతం శ్లాబులో ఉందనుకుందాం. మధ్యలో ఏ మార్పూ చేయకుండా మూడేళ్ల తర్వాత మొత్తం రూ.15 లక్షలూ తీసేసుకున్నారు. రూ.10 లక్షలు రూ.15 లక్షలు అయ్యాయి, లాభం రూ.5 లక్షలు. ఏ దారిలో వెళ్లినా రాబడి సమానమనే అనుకుందాం.

మూడు విడి ఫండ్లు ఉంటే.. ఇండెక్స్ ఫండ్‌లో రూ.2.5 లక్షల లాభం. రూ.1.25 లక్షలు మినహాయిస్తే మిగతా రూ.1.25 లక్షల మీద రూ.15,625. డెట్ ఫండ్‌లో రూ.50 వేల లాభం మీద 30 శాతం చొప్పున రూ.15,000. గోల్డ్ ఫండ్‌లో రూ.2 లక్షల లాభం మీద రూ.25,000. సెస్సుతో కలిపి మొత్తం రూ.57,850.

ఈక్విటీ హోదా ఉన్న మల్టీ అసెట్ ఫండ్ అయితే.. రూ.5 లక్షల్లో రూ.1.25 లక్షలు పోగా రూ.3.75 లక్షల మీద 12.5 శాతం. సెస్సుతో రూ.48,750. విడిగా ఉన్నదానికంటే రూ.9,100 తక్కువ. కారణం ఒక్కటే.. డెట్ భాగానికి 30 శాతం బదులు 12.5 శాతమే పడింది.

ఫండ్ ఆఫ్ ఫండ్స్ అయితే, లేదా షేర్లు 65 శాతానికి తక్కువ ఉన్న మల్టీ అసెట్ ఫండ్ అయితే.. రూ.5 లక్షల మొత్తం మీద 12.5 శాతం. సెస్సుతో రూ.65,000. అంటే మూడు ఫండ్లు విడిగా ఉంచుకున్నదానికంటే కూడా రూ.7,150 ఎక్కువ. డెట్ భాగంలో ఆదా అయినదాన్ని రూ.1.25 లక్షల మినహాయింపు పోవడం మింగేసింది.

ఇంకో మెలిక కూడా ఉంది. అదే ఉద్యోగి పన్ను 5 శాతం శ్లాబులో ఉంటే విడి ఫండ్ల మీద పన్ను రూ.44,850 మాత్రమే అవుతుంది. అంటే ఈక్విటీ హోదా ఉన్న మల్టీ అసెట్ ఫండ్ కంటే కూడా తక్కువ. చిన్న ఆదాయం ఉన్నవాళ్లకు డెట్ ఫండ్ విడిగా ఉండటమే మేలు. పన్ను ఆదా అని ఎవరైనా చెప్తే, ఎవరి శ్లాబుకు అని తిరిగి అడగాల్సింది ఇందుకే.

షేర్లు 65 శాతం ఉంటే రిస్కూ 65 శాతమేనా?

మన ఉద్యోగికి కావాల్సింది షేర్లలో సగమే. ఈక్విటీ హోదా కోసం 65 శాతం షేర్లు ఉన్న ఫండ్ తీసుకుంటే రిస్కు పెరగదా అన్న అనుమానం రావాలి. రావడం మంచిదే. దీనికి ఫండ్లు ఆర్బిట్రేజ్ అనే దారి వాడతాయి.

ఒక కంపెనీ షేరు మార్కెట్లో రూ.1,000 ఉంది. అదే షేరు వచ్చే నెల ఫ్యూచర్స్‌లో రూ.1,006 పలుకుతోంది. ఫండ్ ఇటు షేరు కొంటుంది, అటు అదే సమయంలో ఫ్యూచర్స్ అమ్ముతుంది. గడువు రోజున రెండు ధరలూ ఒక్కటవుతాయి. షేరు రూ.800కి పడినా, రూ.1,200కి పెరిగినా ఫండ్‌కు దక్కేది ఆ ఆరు రూపాయలే, అందులోనూ ఖర్చులు పోగా. ఇది షేరు కొన్నట్టే లెక్క, కానీ రాబడి తీరు డెట్‌లా ఉంటుంది.

అందుకే ఒక ఫండ్‌లో షేర్లు 67 శాతం కనిపించొచ్చు, అందులో 17 శాతం ఇలా హెడ్జ్ చేసినదై ఉండొచ్చు. అప్పుడు మార్కెట్ పడితే నిజంగా దెబ్బ తగిలేది 50 శాతానికే. మొదటి అంకెను గ్రాస్ ఈక్విటీ అంటారు, రెండోదాన్ని నెట్ ఈక్విటీ అంటారు. పన్ను కోసం చూడాల్సింది గ్రాస్. రిస్కు కోసం చూడాల్సింది నెట్. నెలనెలా కంపెనీ ఇచ్చే ఫ్యాక్ట్‌షీట్‌లో హెడ్జ్ చేసిన భాగాన్ని విడిగా చూపిస్తారు. యాప్‌లో కనిపించే రంగుల చక్రంలో మాత్రం చాలాసార్లు ఒక్క అంకే ఉంటుంది. దాన్ని చూసి ఇది ఎక్కువ రిస్కు ఫండ్ అనో, తక్కువ రిస్కు ఫండ్ అనో తేల్చేస్తే పప్పులో కాలేసినట్టే.

ఇంకో సంగతి. సెబీ చెప్పింది కనీసం 10 శాతం అనే గాని, గరిష్ఠం చెప్పలేదు. కాబట్టి ఒకే పేరుతో ఉన్న రెండు ఫండ్లలో ఒకటి షేర్లలో 70 శాతం, ఇంకొకటి 35 శాతం ఉంచొచ్చు. కొన్ని ఫండ్లు నిష్పత్తిని దాదాపు కదల్చవు. కొన్ని మాత్రం మార్కెట్ చూసి ఇష్టం వచ్చినట్టు మారుస్తాయి. స్కీమ్ పత్రంలో అసెట్ అలొకేషన్ పట్టిక ఉంటుంది. ప్రతి ఆస్తికీ కనిష్ఠం, గరిష్ఠం అందులో రాసి ఉంటాయి. షేర్లకు 10 నుంచి 80 శాతం అని ఉందంటే, ఎంత ఉంచాలన్నది మదుపరి చేతిలో లేదు, పూర్తిగా మేనేజర్ చేతిలో ఉందని అర్థం. అలాంటప్పుడు గత 12 నెలల ఫ్యాక్ట్‌షీట్లు తీసి నెట్ ఈక్విటీ ఎంత ఊగిందో చూడాలి. గ్రాస్ ఈక్విటీ కూడా పెద్దగా ఊగితే పన్ను హోదా మారే ప్రమాదం ఉంది.

ఖర్చు ఎక్కడ దాక్కుంటుంది?

ఫండ్ ఏటా తీసుకునే ఖర్చును ఎక్స్‌పెన్స్ రేషియో అంటారు. ఇది బిల్లులా విడిగా రాదు. రోజూ ఎన్ఏవీలోంచే కోత పడుతుంది. అందుకే ఎవరి కంటికీ కనిపించదు.

మన ఉద్యోగి మూడు విడి ఫండ్లకు ఖర్చు వరుసగా 0.2, 0.4, 0.5 శాతం అనుకుంటే, రూ.10 లక్షల మీద ఏడాదికి రూ.3,200 అవుతుంది. మల్టీ అసెట్ ఫండ్ డైరెక్ట్ ప్లాన్ 0.8 శాతం తీసుకుంటే రూ.8,000. అంటే ఏటా రూ.4,800 అదనం. రీబ్యాలెన్సింగ్‌లో పన్ను వాయిదా పడిందని సంతోషించిన రూ.6,500 ఏడాదిన్నర తిరగకుండానే ఖర్చు రూపంలో పోతుంది. పైన పన్ను లెక్కలో రాబడి సమానం అనుకున్నాం. నిజంలో ఈ అదనపు ఖర్చును పూడ్చేంత రాబడిని మేనేజర్ తేవాలి, అప్పుడే అది సమానం అవుతుంది.

ఫండ్ ఆఫ్ ఫండ్స్‌లో ఖర్చు రెండు పొరల్లో ఉంటుంది. పైన ఫండ్ ఆఫ్ ఫండ్స్ తీసుకునేది ఒకటి. లోపలున్న ఫండ్లు తీసుకునేది ఇంకొకటి. పైన 0.5 శాతం, లోపల సగటున 0.6 శాతం ఉంటే మొత్తం 1.1 శాతం, ఏడాదికి రూ.11,000. యాప్‌లో 0.5 అని కనిపించి, ఇదే చవక అనుకునేవాళ్లు ఉన్నారు. లోపలి ఫండ్ల ఖర్చు కూడా మదుపరే భరించాలన్న మాట స్కీమ్ పత్రంలో రాసే ఉంటుంది. దాన్ని కలుపుకున్నాకే పోల్చాలి.

ఇందుకు మినహాయింపు ఉంది. లోపలున్నవన్నీ ఇండెక్స్ ఫండ్లు, ఈటీఎఫ్‌లే అయితే రెండు పొరలు కలిపినా ఖర్చు తక్కువగానే ఉండొచ్చు. నిష్పత్తి కూడా ముందే చెప్పి ఉంటుంది. పన్ను మూడో గంపే అయినా, ఇలాంటి ఫండ్ ఆఫ్ ఫండ్స్‌ను పదేళ్లు, పదిహేనేళ్లు ఉంచుకునేవాళ్లకు మధ్యలో పన్ను లేకుండా రీబ్యాలెన్సింగ్ జరుగుతూ పోతుంది.

పాతవి అమ్మకుండా కొత్తది కొంటే?

ఎక్కువమంది చేసేది ఇదే. ఒక్క ఫండ్ చాలు అని మల్టీ అసెట్ ఫండ్ తీసుకుంటారు. పాత ఏడు ఫండ్లు అలాగే ఉంటాయి. ఇప్పుడు ఫండ్లు ఎనిమిది. కొత్త ఫండ్‌లో ఉన్న పెద్ద బ్యాంకులు, ఐటీ కంపెనీల షేర్లే పాత ఇండెక్స్ ఫండ్‌లోనూ ఉంటాయి. పేరు కొత్తది, సరుకు పాతదే. ఒక ఫండ్ మిగతావాటి స్థానంలోకి రావాలంటే, ఆ మిగతావి వెళ్లిపోవాలి.

అలాగని అన్నీ ఒక్కరోజులో అమ్మేయడం కూడా తప్పే. ముందు పాత సిప్‌లు ఆపి, ఆ మొత్తాన్ని కొత్త ఫండ్‌లోకి మళ్లించాలి. దీనికి పన్ను లేదు, ఖర్చు లేదు. ఆ తర్వాత పాత యూనిట్లను విడతలుగా తీయాలి. ఈక్విటీ ఫండ్లలో ఏడాది దాటిన యూనిట్లను, ఒక ఆర్థిక సంవత్సరంలో లాభం రూ.1.25 లక్షలు దాటకుండా అమ్ముకుంటే పన్ను ఉండదు. మార్చిలో కొంత, ఏప్రిల్‌లో కొంత అమ్మితే రెండు సంవత్సరాల మినహాయింపూ వాడుకున్నట్టు అవుతుంది.

గోల్డ్ ఫండ్ అమ్మేముందు కొన్న తేదీ చూడాలి. రెండేళ్లకు నెల తక్కువైనా శ్లాబు పన్ను పడుతుంది. సిప్ కట్టినవాళ్లకు ప్రతి నెల వాయిదా ఒక కొత్త కొనుగోలే కాబట్టి, చివరి 24 వాయిదాల యూనిట్లకు ఇంకా గడువు కాకపోయి ఉండొచ్చు. డెట్ ఫండ్లలో 2023 ఏప్రిల్ 1కి ముందు కొన్నవి, తర్వాత కొన్నవి వేరు చేసుకోవాలి. ముందు కొన్నవాటికి 12.5 శాతమే. అవి పాతవి కదా అని ముందుగా అమ్మేయాల్సిన తొందర లేదు. ఎగ్జిట్ లోడ్ ఉందేమో కూడా చూసుకోవాలి. చాలా ఫండ్లు ఏడాదిలోపు తీస్తే కొంత కోస్తాయి.

ఒక్క ఫండ్ సరిపోని చోట్లు

అత్యవసరాల కోసం దాచుకునే డబ్బు ఇందులో ఉండకూడదు. విడి ఫండ్లు ఉన్నప్పుడు ఆస్పత్రి ఖర్చు వస్తే డెట్ ఫండ్ మాత్రమే అమ్మొచ్చు. ఒక్క ఫండ్‌లో ఆ వీలు లేదు. ఏ యూనిట్ అమ్మినా అందులో పడిపోయిన షేర్లూ కొంత ఉంటాయి. మార్కెట్ కుప్పకూలిన నెలలో ఆ తేడా బాగా తెలుస్తుంది. రెండేళ్లలో పాప పెళ్లి, పదిహేనేళ్లకు రిటైర్మెంట్ అనే రెండు అవసరాలకు ఒకే నిష్పత్తి కూడా పనికిరాదు.

తెలుగు ఇళ్లలో ఇంకో లెక్క ఉంటుంది. బీరువాలో నగలు, ఊళ్లో స్థలం. ఇవి ఏ యాప్‌లోనూ కనిపించవు. ఇంట్లో ఇప్పటికే 40 తులాల బంగారం ఉన్న కుటుంబం, అందులో కొంత అవసరమైతే అమ్మడానికే ఉంచుకుంటే, మళ్లీ 20 శాతం బంగారం ఉన్న ఫండ్ కొంటే మొత్తం ఆస్తిలో బంగారం వాటా అనుకున్నదానికంటే చాలా ఎక్కువవుతుంది. నగలు ఎట్టి పరిస్థితిలోనూ అమ్మం అనుకుంటే మాత్రం దాన్ని పెట్టుబడిగా లెక్కించక్కర్లేదు.

అమెరికాలో ఉంటూ అక్కడ పన్ను కట్టే తెలుగువాళ్లు మరింత జాగ్రత్తగా ఉండాలి. భారతీయ మ్యూచువల్ ఫండ్లను అమెరికా పన్ను చట్టం పీఎఫ్ఐసీ అనే కఠినమైన కోవలో చూస్తుంది. ప్రతి ఫండ్‌కూ విడిగా 8621 ఫారం నింపాల్సి రావొచ్చు. ఇక్కడి లెక్కలో ఆదా అనిపించింది అక్కడ తలకిందులు కావచ్చు.

చివరగా, మూడు ఆస్తులు ఉన్నాయి కాబట్టి నష్టం రాదనుకోవద్దు. ఒకటి పడితే ఇంకొకటి ఆదుకుంటుందన్నది చాలాసార్లు నిజమే గాని, ఎప్పుడూ కాదు. 2022లో అమెరికాలో షేర్లు, బాండ్లు రెండూ కలిసే పడ్డాయి. 2013లో అంతర్జాతీయ మార్కెట్లో బంగారం ధర పావు వంతుకు పైగా తగ్గింది. ఇప్పుడు మల్టీ అసెట్ ఫండ్ల గత రాబడి మెరిసిపోతోందంటే అందులో బంగారం పెరుగుదల పాత్ర ఎంతో విడదీసి చూడాలి.

కొనేముందు చూడాల్సినవి నాలుగే

స్కీమ్ పత్రం, తాజా ఫ్యాక్ట్‌షీట్ రెండూ పక్కన పెట్టుకుంటే పావుగంట పని. మొదట షేర్లు, డెట్, బంగారానికి రాసి ఉన్న కనిష్ఠ, గరిష్ఠ పరిమితులు. తర్వాత గ్రాస్, నెట్ ఈక్విటీ రెండూ వేర్వేరుగా. ఆపైన ఫండ్ ఏ పన్ను గంపలోకి వస్తుందో, తన శ్లాబుకు అది లాభమో నష్టమో. చివరగా ఖర్చు, అది ఫండ్ ఆఫ్ ఫండ్స్ అయితే రెండు పొరలూ కలిపి.

ఏటా ఒకసారి కూర్చుని, పెరిగినదాన్ని అమ్మి తగ్గినదాన్ని కొనగలిగే ఓపిక, ధైర్యం ఉన్నవాళ్లకు మూడు చవక ఫండ్లు విడిగా ఉంచుకోవడంలో తప్పేమీ లేదు. ఖర్చు కూడా వాళ్లకే తక్కువ. గత మూడేళ్లలో ఒక్కసారి కూడా ఆ పని చేయనివాళ్లు మాత్రం, ఏటా ఆ నాలుగైదు వేలు అదనంగా కట్టి ఒక్క ఫండ్‌కు అప్పగించడం గురించి ఆలోచించొచ్చు. తమది ఏ వర్గమో తేల్చుకోవడానికి వేరే ఎవరినీ అడగక్కర్లేదు. యాప్‌లో పాత లావాదేవీల జాబితా తెరిచి, 2023 నుంచి ఎన్నిసార్లు రీబ్యాలెన్స్ చేశారో లెక్కపెట్టుకుంటే చాలు.